విదేశీ కాల్స్‌లో మీ ఇంగ్లీష్ ఒక్కసారికే అర్థమవ్వాలంటే: ఎక్కడ నొక్కాలి, ఎక్కడ దించాలి

"ఐ సెంట్ ఇట్ యెస్టర్‌డే ఓన్లీ."

మన ఆఫీసుల్లో ఈ వాక్యం రోజూ వినపడుతుంది, మనకేమీ తేడాగా అనిపించదు. చెప్పేవాళ్ల మనసులో ఉన్నది "నిన్ననే పంపేశాను కదండీ" అని, అంటే నా వైపు నుంచి లేటు లేదు అని. అవతల లండన్‌లోనో షికాగోలోనో కూర్చున్న మనిషికి మాత్రం "నిన్న మాత్రమే పంపాను" అన్నట్టు, అంటే అంతవరకూ పంపకుండా కూర్చున్నాను అని ఒప్పుకున్నట్టు వినిపించే అవకాశం ఉంది. అటుపక్క ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత "ఓకే..." అని ఒక సాగదీత. ఏం జరిగిందో మనకి అర్థం కాదు.

అసలు సంగతి ఏంటంటే తెలుగులో బరువు ఎక్కడ పడాలో చెప్పే పని "ఏ" చేసి పెడుతుంది. నేనే పంపాను, రిపోర్టే పంపాను, నిన్ననే పంపాను. ఏ మాటకి "ఏ" తగిలిస్తే బరువు దాని మీదకి పోతుంది, గొంతు పెద్దగా మార్చక్కర్లేదు, మెసేజ్‌లో టైప్ చేసినా అదే అర్థం వస్తుంది. ఇంగ్లీష్‌లో ఆ పని చాలావరకు గొంతే చెయ్యాలి. మనం ఇంగ్లీష్ మాట్లాడేటప్పుడు ఆ "ఏ" ఎక్కడికి పోవాలో తెలియక "ఓన్లీ" రూపంలో వాక్యం చివర కూర్చుంటుంది, గొంతు మాత్రం మొదటి నుంచి చివరి వరకూ ఒకే మట్టంలో సాగిపోతుంది.

కాబట్టి ఇది యాక్సెంట్ మార్చుకునే గైడ్ కాదు. అమెరికన్‌లా మాట్లాడమని నేను చెప్పను, అలా మాట్లాడబోయే వాళ్లని అర్థం చేసుకోవడం ఇంకా కష్టం. మూడు పనులే చూద్దాం: మాటలో సరైన చోట నొక్కడం, వాక్యంలో సరైన మాట మీద నొక్కడం, చివర గొంతు దించాలో లేపాలో తెలుసుకోవడం.

ముందుగా: నొక్కడం అంటే అరవడం కాదు

ఇంగ్లీష్‌లో ఒక భాగాన్ని నొక్కి పలికినప్పుడు మూడు జరుగుతాయి. ఆ అచ్చు కొంచెం సాగుతుంది, స్వరం కొంచెం పైకి లేస్తుంది లేదా మారుతుంది, శబ్దం కొంచెం పెరుగుతుంది. ఈ మూడింట్లో వినేవాళ్ల చెవి ఎక్కువగా పట్టుకునేది మొదటి రెండే. పైగా కాల్‌లో మూడోదాన్ని నమ్ముకోలేం, ఎందుకంటే మీటింగ్ యాప్‌లు మైక్ శబ్దాన్ని వాటంతటవే సర్దేస్తుంటాయి, గట్టిగా ఉన్నది తగ్గించి మెల్లగా ఉన్నది పెంచుతాయి. మీరు గట్టిగా అన్న మాట అవతలికి మామూలుగానే చేరొచ్చు. సాగదీసినదీ స్వరం లేపినదీ మాత్రం అలాగే చేరతాయి.

మనకి ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. తెలుగులో నొక్కి చెప్పమంటే మనం హల్లుని ఒత్తుతాం. "అసలు" అనేది కోపం వస్తే "అస్సలు" అవుతుంది. అదే అలవాటుతో ఇంగ్లీష్ మాటని నొక్కమంటే చాలామంది "డెవెల్లప్", "కమ్మిట్టీ" అని హల్లుల్ని ద్విత్వం చేస్తారు, అచ్చు మాత్రం పొట్టిగానే ఉండిపోతుంది. ఇంగ్లీష్ చెవికి అది నొక్కినట్టు వినపడదు. సాగాల్సింది అచ్చు. ఇది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

1. మీ సొంత మాటల లిస్టు రాయండి

పుస్తకాల్లో దొరికే వందల మాటల లిస్టులు పక్కన పెట్టండి. గత వారం మీరు కాల్స్‌లో వాడిన మాటలు ఒక ఇరవై రాసుకోండి. మీ ప్రాజెక్టు పేరు, మీ టూల్స్ పేర్లు, రోజూ చెప్పే పనుల పేర్లు. సాఫ్ట్‌వేర్‌లో ఉంటే డెవలప్‌మెంట్, కాంపొనెంట్, పారామీటర్, సర్టిఫికెట్, ఆల్టర్నేటివ్, ఇండస్ట్రీ లాంటివి కచ్చితంగా వస్తాయి. అకౌంట్స్‌లోనో ఫార్మాలోనో ఉంటే మీ లిస్టు వేరు, పద్ధతి ఇదే.

ఇప్పుడు ఒక్కో మాటనీ ఆన్‌లైన్ డిక్షనరీలో చూడండి, కేంబ్రిడ్జ్ అయినా ఆక్స్‌ఫర్డ్ అయినా సరే. డెవలప్‌మెంట్ పక్కన ఇలా ఉంటుంది: `/dɪˈveləpmənt/`. అందులో పైన ఉన్న చిన్న నిలువు గీత చూశారా, అది నొక్కాల్సిన భాగానికి *ముందు* వస్తుంది. చాలామంది దాన్ని వెనక ఉన్న భాగానికి అన్వయించుకుని తిరగేసి నేర్చుకుంటారు. గీత తర్వాత ఉన్నదే బరువైనది. పక్కన స్పీకర్ బొమ్మ నొక్కి వినండి కూడా.

వినేసి మీ లిపిలో రాసుకోండి, నొక్కేది లావుగా:

డి-**వె**-లప్-మన్ట్ (మనం **డె**-వలప్-మెంట్ అంటాం)
కమ్-**పో**-నన్ట్
ప-**రా**-మిటర్, ఇందులో "రా" నిజానికి "ర్యా"కి దగ్గర
సర్-**టి**-ఫికట్
ఆల్-**టర్**-నటివ్
**ఇన్**-డస్ట్రి (మనలో చాలామంది "ఇన్-**డస్**-ట్రీ" అంటారు)

ఒకే మాట పేరుగా వాడితే ఒక చోట, పనిగా వాడితే ఇంకో చోట నొక్కేవి కొన్ని ఉన్నాయి. రికార్డ్ పేరైతే **రె**-కర్డ్, చెయ్యడమైతే రి-**కార్డ్**. ఐటీ వాళ్లకి ఇంతకన్నా పనికొచ్చేవి బ్యాకప్, సెటప్, రోల్‌బ్యాక్, లాగిన్ లాంటి జంటలు. వస్తువుగా చెప్తే మొదటి ముక్క నొక్కాలి: "ద **బ్యాక్**-అప్ ఈజ్ డన్". పనిగా చెప్తే రెండో ముక్క మీదకి పోతుంది: "ఐ విల్ బ్యాక్ ఇట్ **అప్**".

నియమాలు కావాలంటే ఒక్కటి చాలు. షన్, ఇటీ, ఇక్ అని ముగిసే మాటల్లో నొక్కు సాధారణంగా ఆ చివరి తోకకి సరిగ్గా ముందు భాగం మీద పడుతుంది. ఆథెంటి-**కే**-షన్, సి-**క్యూ**-రిటీ, అవైల-**బి**-లిటీ, స్ప-**సి**-ఫిక్. పాలిటిక్స్ లాంటి కొన్ని లొంగవు గానీ ఆఫీసు మాటల్లో ఎక్కువ భాగం దీనికే లొంగుతాయి. మిగతావన్నీ డిక్షనరీలో చూసుకోవడమే, వేరే దారి లేదు.

ఇంత చాదస్తం ఎందుకు, సందర్భాన్ని బట్టి అర్థం చేసుకోరా అంటారేమో. ఇది మన ఊళ్లోనే పరిశీలించిన విషయం. ఇప్పుడు మనం ఇఫ్లూ అంటున్న హైదరాబాద్ సంస్థ అప్పట్లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్. అక్కడి నుంచి 1969లో ఆర్.కె. బన్సల్ చేసిన పరిశోధన ఒకటి వచ్చింది, భారతీయులు మాట్లాడే ఇంగ్లీష్ బయటివాళ్లకి ఎంతవరకు అర్థమవుతోంది అని. అర్థం కాకపోవడానికి ఆయన చూపించిన ముఖ్య కారణాల్లో మాటలో తప్పుచోట నొక్కడం ఒకటి. లైన్ సరిగా లేనప్పుడు స, ఫ లాంటి శబ్దాలు ముందు మసకబారతాయి, అప్పుడు వినేవాళ్లు మాట ఆకారాన్ని బట్టి ఊహిస్తారు: ఎన్ని ముక్కలుంది, ఏ ముక్క బరువు అని. బరువు చోటు మారితే వాళ్ల బుర్ర ఇంకో మాట కోసం వెతుకుతుంది, ఆ వెతుకులాటలో మీ తర్వాతి నాలుగు మాటలూ పోతాయి.

2. అంకెలు, "కెన్" విషయం విడిగా చూడండి

ఈ రెండూ వేరే రకం ప్రమాదం, ఎందుకంటే తప్పు వినపడినా ఎవరికీ తెలియదు. "సారీ?" అని కూడా అడగరు, తప్పు తేదీ రాసేసుకుంటారు.

ఫిఫ్టీన్, ఫిఫ్టీ. మొదటిదాంట్లో "టీన్" సాగాలి, రెండోదాంట్లో "ఫిఫ్" నొక్కి "టి"ని పొట్టిగా వదిలెయ్యాలి. మనం రెండింట్లోనూ "టీ" దీర్ఘంగా అంటాం, ఇక తేడా అంతా చివరి "న్" మీద ఆధారపడుతుంది, అది కాల్‌లో ఇట్టే జారిపోతుంది. అయితే "ఫిఫ్టీన్ పర్సెంట్" అని వెనక ఇంకో మాట వస్తే ఇంగ్లీష్ వాళ్లే నొక్కుని "ఫిఫ్"కి జరిపేస్తారు. అందుకని ఉచ్చారణని ఇక్కడ పూర్తిగా నమ్మొద్దు. డబ్బు, తేదీ, శాతం ఏదైనా ముఖ్యమైనదైతే "ఫిఫ్టీన్, వన్ ఫైవ్" అని రెండోసారి చెప్పెయ్యండి.

ఇక కెన్. "వి కెన్ డెలివర్ ఆన్ మండే" అనేటప్పుడు మనం "కెన్"ని స్పష్టంగా, నిండుగా పలుకుతాం. అమెరికన్ చెవికి నిండుగా పలికిన కెన్ అంటే "కాన్ట్" అయ్యే ప్రమాదం ఉంది, ఎందుకంటే వాళ్లు "చెయ్యగలం" అన్నప్పుడు దాన్ని దాదాపు "క్‌న్" అని మింగేసి తర్వాతి పనిమాట మీద నొక్కుతారు, "చెయ్యలేం" అన్నప్పుడు మాత్రమే కాన్ట్‌ని నిండుగా పలికి చివరి "ట్" సగం వదిలేస్తారు. అంటే వాళ్లకి తేడా "ట్"లో కన్నా బరువులో ఎక్కువ ఉంది. కాబట్టి చెయ్యగలిగితే "వి క్‌న్ డి-**లి**-వర్", చెయ్యలేకపోతే "వి కెనాట్ డెలివర్" అని విడదీసి చెప్పండి. కెనాట్ వినడానికి కాస్త బిగుసుకున్నట్టు ఉంటుంది, ఉండనివ్వండి, డెలివరీ తేదీ తప్పుగా వెళ్లడం కన్నా నయం.

3. వాక్యంలో "ఏ" ఎక్కడుందో వెతకండి

నా ఉద్దేశంలో అన్నిటికన్నా పెద్ద లాభం ఇక్కడే. ఈ వాక్యం తీసుకోండి: ఐ సెంట్ ద రిపోర్ట్ టు మార్క్ యెస్టర్‌డే. మాటలు ఒక్కటి కూడా మార్చకుండా బరువు జరుపుతూ వెళ్దాం.

**ఐ** సెంట్ ద రిపోర్ట్ టు మార్క్ యెస్టర్‌డే: నేనే పంపాను, వేరెవరో కాదు.
ఐ **సెంట్** ద రిపోర్ట్ టు మార్క్ యెస్టర్‌డే: పంపానండీ, పంపలేదని మీరనుకుంటున్నారు.
ఐ సెంట్ ద రి-**పోర్ట్** టు మార్క్ యెస్టర్‌డే: రిపోర్టే పంపాను, ఇన్‌వాయిస్ కాదు.
ఐ సెంట్ ద రిపోర్ట్ టు **మార్క్** యెస్టర్‌డే: మార్క్‌కే పంపాను.
ఐ సెంట్ ద రిపోర్ట్ టు మార్క్ **యెస్టర్**-డే: నిన్ననే పంపాను.

ఇప్పుడు ఆ ఓన్లీ అక్కర్లేదు. చెయ్యాల్సింది ఇంతే: చెప్పబోయే వాక్యాన్ని మనసులో తెలుగులో అనుకోండి, "ఏ" గానీ "కూడా" గానీ "మాత్రం" గానీ ఏ మాటకి తగిలిందో చూడండి, ఇంగ్లీష్‌లో ఆ మాటలోని బరువైన ముక్కని సాగదీసి స్వరం లేపండి. దాని తర్వాత వచ్చేవన్నీ కిందికి దించి చప్పగా చెప్పెయ్యండి. ఈ రెండో సగం మనవాళ్లు మర్చిపోతారు. "**ఐ** సెంట్" అని మొదలుపెట్టి, మళ్లీ "రిపోర్ట్" మీద, మళ్లీ "యెస్టర్‌డే" మీద కూడా నొక్కితే అన్నీ ముఖ్యమైనట్టే, అంటే ఏదీ ముఖ్యం కానట్టే. ఒక్క ఊపిరిలో చెప్పే ముక్కలో ఒక్క మాటే కొండలా పైకి లేవాలి.

"ఏ" లేని మామూలు వాక్యమైతే? అప్పుడు బరువు సాధారణంగా చివర వచ్చే అర్థవంతమైన మాట మీద పడుతుంది: "ద బిల్డ్ ఫెయిల్డ్ లాస్ట్ **నైట్**". ఇప్పటికే ప్రస్తావనకి వచ్చేసిన మాటని మాత్రం మళ్లీ నొక్కకండి. వాళ్లు "విచ్ సర్వర్ ఈజ్ డౌన్" అని అడిగితే జవాబు "ద **టెస్ట్** సర్వర్", అంతేగానీ "టెస్ట్ **సర్వర్**" కాదు. సర్వర్ అని వాళ్లే అన్నారుగా. పాత మాటని నొక్కితే వినేవాళ్లు అందులో ఏదో కొత్త సంగతి ఉందనుకుని దాని కోసం వెతుకుతారు.

4. వాక్యం చివర గొంతు ఏం చెయ్యాలి

ఇది చిన్న విషయంలా కనపడుతుంది, మనుషుల మధ్య అపార్థాలు మాత్రం ఎక్కువ ఇక్కడే పుడతాయి. జాన్ గంపర్జ్ అనే భాషావేత్త చెప్పిన కేసు ఒకటి ఈ రంగంలో అందరికీ తెలుసు. ఒక పెద్ద బ్రిటిష్ ఎయిర్‌పోర్ట్ స్టాఫ్ క్యాంటీన్‌లో కొత్తగా చేరిన భారతీయ, పాకిస్తానీ ఆడవాళ్లు వడ్డించేవారు. మాంసం తీసుకునే వాళ్లని గ్రేవీ కావాలా అని అడగాలి. బ్రిటిష్ వాళ్లయితే "గ్రేవీ?" అని స్వరం లేపుతారు. వీళ్లు "గ్రేవీ." అని దించేవారు. అడిగేవాళ్ల లెక్కలో అది మామూలు ప్రశ్నే, తినేవాళ్లకి మాత్రం "ఇదిగో గ్రేవీ, తీసుకుంటే తీసుకో" అన్నట్టు మొరటుగా వినపడింది. వీళ్లు పొగరుగా ఉంటారని వాళ్లు, మమ్మల్ని చిన్నచూపు చూస్తున్నారని వీళ్లు. టేపు వేసి రెండు వైపులా వినిపిస్తే గానీ సంగతి బయటపడలేదు. గంపర్జ్ దీన్ని 1982లో ప్రచురించాడు.

మనకి ఇది ఇట్టే జరుగుతుంది, ఎందుకంటే తెలుగులో "పంపావా", "వస్తారా" అని చివరి "ఆ" ప్రశ్న పని చేసేస్తుంది. ఇంగ్లీష్ కాల్‌లో "ఎనీ అప్‌డేట్స్", "దిస్ వీక్", "ఓకే ఫర్ యూ" లాంటి తునక ప్రశ్నలకి "ఆ" లేదు, గొంతే "ఆ". దించి చెప్తే "ఎనీ అప్‌డేట్స్" అనేది సంజాయిషీ అడిగినట్టు ఉంటుంది. అవును, కాదు అని జవాబొచ్చే ప్రశ్నలకి చివర లేపండి.

వాట్, వెన్, వేర్, వై లాంటి వాటితో మొదలయ్యే ప్రశ్నలకి మామూలుగా దించాలి. "వెన్ కెన్ యూ సెండ్ ద లాగ్స్" అని కిందికి. మరీ ఆజ్ఞలా ఉంటుందేమో అనిపిస్తే స్వరం మార్చకండి, "కుడ్ యూ సెండ్ ద లాగ్స్ టుడే?" అని ప్రశ్ననే మార్చి చివర లేపండి.

మామూలు సంగతి చెప్పడం అయిపోయిందంటే దించి ఆగండి. మనలో చాలామంది స్టేటస్ చెప్పేటప్పుడు ప్రతి వాక్యం చివరా స్వరాన్ని గాల్లో వేలాడదీస్తారు, తెలుగులో "చేశాను, పంపాను, తర్వాతా..." అని కథ చెప్పేటప్పటి రాగంలా. వినేవాళ్లు ఇంకా ఉందనుకుని ఎదురుచూస్తారు, మీరు వాళ్ల జవాబు కోసం ఎదురుచూస్తారు, కాల్‌లో ఎలాగూ కొంత ఆలస్యం ఉంటుంది, చివరికి ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి "సారీ, గో అహెడ్" అంటారు. ఆ "సారీ" కూడా చూసుకోండి: లేపి "సారీ?" అంటే మళ్లీ చెప్పమని, దించితే క్షమించమని. వినపడలేదని దించి "సారీ." అంటే వాళ్లు మళ్లీ చెప్పరు.

5. ఒక స్టేటస్ మొత్తం వేసి చూద్దాం

రేపు పొద్దున కాల్‌లో చెప్పాల్సిన సంగతి ఇది, తెలుగులో: రాత్రి బిల్డ్ ఫెయిలైంది, సర్టిఫికెట్ గడువు అయిపోవడం వల్ల. పొద్దున్నే రెన్యూ చేశాం. టెస్టింగ్ అయితే అవ్వలేదు, డిప్లాయ్‌మెంట్ మాత్రం గురువారం జరిగిపోతుంది.

ఇంగ్లీష్‌లో రాసుకుని, ఊపిరి తీసుకునే చోట గీత పెట్టి, ఒక్కో ముక్కలో ఒక్క బరువు:

ద బిల్డ్ ఫెయిల్డ్ లాస్ట్ **నైట్** / బికాజ్ ద సర్టిఫికెట్ ఎక్స్-**పైర్డ్** ↘ //
వి రి-**న్యూడ్** ఇట్ / దిస్ **మార్**-నింగ్ ↘ //
ద **టెస్**-టింగ్ ఈజ్ నాట్ ఫినిష్డ్ ↘↗ / బట్ ద డి-**ప్లాయ్**-మెంట్ / క్‌న్ గో అహెడ్ ఆన్ **థర్స్**-డే ↘

మొదటి ముక్క చివర "నైట్" దగ్గర పూర్తిగా దించకండి, కారణం ఇంకా వస్తోంది కాబట్టి కొంచెం పైనే ఉంచి, "ఎక్స్‌పైర్డ్" దగ్గర దించండి. సర్టిఫికెట్ ఇక్కడ మొదటిసారి వచ్చింది కాబట్టి "టి" దగ్గర స్పష్టంగా పలకండి, కొండ మాత్రం "పైర్డ్". రెండో వాక్యంలో "ఇట్" మీద నొక్కితే వింతగా ఉంటుంది, అది పాత సంగతి, మింగెయ్యొచ్చు.

మూడో వాక్యమే అసలైనది. తెలుగులో "అయితే", "మాత్రం" అని రెండు మాటలు ఎదురెదురుగా నిలబడి "ఇది కాదు గానీ అది అవును" అనే సంగతి చెప్తున్నాయి. ఇంగ్లీష్‌లో ఆ "అయితే" పనిని స్వరం చేస్తుంది: "టెస్టింగ్" మీద కిందికి దిగి ముక్క చివరికి మళ్లీ కొంచెం లేస్తుంది. ఆ చివరి చిన్న లేవడమే "ఆగండి, శుభవార్త ఉంది" అని చెప్పేది. మీరు "ఫినిష్డ్" దగ్గర పూర్తిగా దించేస్తే, అవతల మేనేజర్ "ఓ, సో థర్స్‌డే ఈజ్ అట్ రిస్క్?" అని అక్కడే అడ్డం పడతాడు, ఆ తర్వాత పది నిమిషాలు గురువారం గురించే. "డిప్లాయ్‌మెంట్" మీద బరువు టెస్టింగ్‌కి పోటీగా రావాలి. "క్‌న్" మింగాలి. "థర్స్‌డే" దించి, ఆగి, నోరు మూసుకోవాలి.

దీన్ని ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. ఒకటే పరీక్ష: కళ్లు మూసుకుని విన్నప్పుడు ఒక్కో ముక్కలో మీకు పైకి పొడుచుకొచ్చినట్టు వినపడిన మాట, మీరు కాగితం మీద లావుగా రాసుకున్న మాట ఒకటేనా? మన గొంతు మనకి అలవాటే కాబట్టి తేల్చుకోలేకపోతే కాగితం చూడని స్నేహితుడికి వినిపించి ఏ మాట ముఖ్యంగా వినపడిందో అడగండి. ఇంకా అనుమానం ఉంటే ప్రాట్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీలో బోర్స్‌మా, వీనింక్ తయారుచేశారు, ఉచ్చారణ మీద పనిచేసే వాళ్లలో చాలామంది వాడేదే. `New` మెనూలో `Record mono Sound...` తో రికార్డ్ చేసి, లిస్టులోకి సేవ్ చేసి, `View & Edit` నొక్కితే స్వరం నీలి గీతగా కనపడుతుంది. స, ట, ప లాంటి శబ్దాల దగ్గర గీత తెగిపోతుంది, అది మీ తప్పు కాదు. చూడాల్సింది ఒక్కటే, మీరు నొక్కానని అనుకున్న చోట గీతలో గుట్ట ఉందా, లేక నేలబారుగా పోయిందా. చాలామందికి గీత చూశాకే నమ్మకం కుదురుతుంది, మనసులో లేపామనుకున్న స్వరం బయటికి చాలా తక్కువగా లేచి ఉంటుంది. అందుకే ప్రాక్టీసులో సిగ్గనిపించేంత ఎక్కువ చెయ్యండి, కాల్ టైమ్‌కి అది తగ్గి సరిపోతుంది.

6. అవతల ఎవరున్నారో చూసి సర్దుకోండి

అవతల ఇంగ్లీష్ పుట్టుభాషగా ఉన్నవాళ్లుంటే మాటలోని నొక్కు చాలా ముఖ్యం, పైన చెప్పిందంతా పనికొస్తుంది. అదే జర్మనీ, జపాన్, బ్రెజిల్ టీమ్ అయితే లెక్క కొంచెం మారుతుంది. అలాంటి కాల్స్‌లో, అంటే ఇంగ్లీష్ ఎవరికీ సొంత భాష కానప్పుడు, ఏ ఉచ్చారణ విషయాలు నిజంగా అడ్డం పడతాయో జెన్నిఫర్ జెంకిన్స్ పరిశీలించి 2000లో ఒక చిన్న జాబితా ప్రతిపాదించింది. అందులో వాక్యంలో ముఖ్యమైన మాట మీద నొక్కడం ఉంది, మాటలోని నొక్కు లేదు, అచ్చుల్ని మింగడమూ లేదు. కాబట్టి అలాంటి కాల్‌లో "టు", "ఫర్", "ఆఫ్" లాంటి వాటిని మింగక్కర్లేదు, మన అలవాటు ప్రకారం నిండుగా పలికినా నష్టం లేదు, పైగా వాళ్లకి అదే హాయి. వాక్యంలో బరువు పెట్టే పని మాత్రం వదలకండి: ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కలో ఒక్క బరువు. నాకు సమయం తక్కువుంటే నేను చేసేది ఆ ఒక్కటే.

7. కాల్ మధ్యలో అర్థం కాలేదని తెలిస్తే

ఎలా అర్థం కాలేదో చూస్తే ఏది తప్పిందో తెలుస్తుంది. "సారీ, ద వాట్?" అని ఒక మాట దగ్గర ఆగితే మాటలోని నొక్కు తప్పింది. మీరు చెప్పింది వాళ్లు తిరిగి చెప్పినప్పుడు మాటలన్నీ సరిగ్గా ఉండి విషయం పక్కకి పోతే వాక్యంలో బరువు తప్పు మాట మీద పడింది. మీరు అయిపోయిందనుకున్న చోట అటు నిశ్శబ్దం ఉంటే చివర దించలేదు.

మాట దగ్గర ఆగినప్పుడు మనం సహజంగా చేసే పని, అదే మాటని అదే నొక్కుతో ఇంకా గట్టిగా, ఇంకా త్వరగా చెప్పడం. ఎంత గట్టిగా అన్నా "డెవలప్‌మెంట్" అలాగే ఉంటుంది. దాని బదులు ఆగి, బరువైన ముక్కని సాగదీసి ఒక్కసారి చెప్పండి, "డి-**వెఎ**-లప్-మన్ట్". అప్పటికీ కుదరకపోతే ఇంకో మాట వాడండి: సర్టిఫికెట్ అంటే అర్థం కాకపోతే "ద ఎస్.ఎస్.ఎల్. థింగ్ దట్ ఎక్స్‌పైర్డ్". మూడోసారి కూడా కాకపోతే చాట్ బాక్స్‌లో టైప్ చేసి "ఐ హ్యావ్ టైప్డ్ ఇట్ ఇన్ ద చాట్" అని దించి ముందుకెళ్లిపోండి. కాల్ అయ్యాక ఆ మాటని మీ ఇరవై మాటల లిస్టులో కలుపుకోండి.